చెవిలో గుండె చప్పుడు వినిపిస్తుంటే ముందు కంటి డాక్టరు దగ్గరికి

ప్రశ్న: నాకు 30 ఏళ్లు, మాది కావలి. రెండు నెలలుగా కుడి చెవిలో నా గుండె కొట్టుకోవడం నాకే వినిపిస్తోంది. పడుకుంటే మరీ ఎక్కువ. ఈఎన్‌టీ డాక్టరు చూసి చెవి బాగుంది, వినికిడి నార్మల్ అన్నారు, నరాల బలహీనతకని బీ కాంప్లెక్స్ రాశారు. తగ్గలేదు. తలనొప్పి నాకు మొదటినుంచీ ఉన్నదే. రెండో కాన్పు తర్వాత బాగా లావయ్యాను. స్కాన్ తీయించుకోవాలా, వదిలేయొచ్చా?

జవాబు:

వదిలేయొద్దమ్మా. స్కాన్ కూడా కావాల్సి రావచ్చు, కానీ దానికంటే ముందు ఈ వారంలోనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లి, చుక్కలు వేయించుకొని, కంటి వెనక పొర చూపించుకోండి. దీన్ని ఫండస్ పరీక్ష అంటారు. చెవి సంగతి అడిగితే కన్ను అంటాడేంది అనుకుంటారేమో. నెల్లూరులో ఈఎన్‌టీ ప్రాక్టీసు మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. మీ వయసు ఆడవాళ్లు ఈ చప్పుడుతో వచ్చి, తలనొప్పి కూడా ఉందంటే, చెవిలో లైటు వేసి చూసిన వెంటనే నేను చీటీ రాసేది కంటి విభాగానికే. ఎందుకో చెప్తాను.

ముందు మీరు వింటున్నది గుండె చప్పుడేనా అని తేల్చుకోవాలి. మామూలుగా చెవిలో హోరు అంటే ఈల వేసినట్టో, కీచురాయి కూసినట్టో ఆగకుండా వస్తుంది. అది ఎక్కువ భాగం లోపలి చెవి తాలూకు బాధ. మీది వేరే జాతి. రాత్రి ఫ్యాను ఆపి కూర్చోండి. మీ ఆయన మణికట్టు దగ్గర మీ నాడి పట్టుకొని మనసులో లెక్కపెట్టుకోవాలి. మీరు కళ్లు మూసుకొని, చెవిలో దరువు వినపడినప్పుడల్లా బల్ల మీద వేలితో తట్టాలి. రెండు లెక్కలూ కలిస్తే అది నాడితో పాటు నడిచే చప్పుడే. మెట్లెక్కి దిగి మళ్లీ చూడండి, నాడి వేగం పెరిగితే దరువు వేగమూ పెరగాలి. అలా కాకుండా నాడితో సంబంధం లేకుండా టకటకమని కొట్టుకొని ఆగిపోతుంటే అది మధ్య చెవిలోని చిన్న కండరాలు అదరడం కావచ్చు. దాని దారి వేరు.

రెండో సంగతి, ఆ చప్పుడు ధమనిదా, సిరదా. దీనికి తల తిప్పి చూడటం చాలు. తలను మెల్లగా కుడి భుజం వైపు తిప్పండి, తర్వాత ఎడమకు తిప్పండి. కుడి చెవి చప్పుడు కుడికి తిప్పినప్పుడు తగ్గి, ఎడమకు తిప్పినప్పుడు పెరిగితే అది సిరలో పారే రక్తం చప్పుడయ్యే అవకాశం ఎక్కువ. మెడ పక్కన ఉండే పెద్ద సిర మెత్తనిది, తల తిప్పితేనే అణిగిపోతుంది. మేం అయితే అదే చోట రెండు వేళ్లు చాలా తేలిగ్గా ఆనించి చూస్తాం. చాలామందికి ఠక్కున చప్పుడు ఆగిపోతుంది, వేలు తీయగానే మళ్లీ మొదలవుతుంది. ఈ వేళ్ల పని మాత్రం ఇంట్లో వద్దు. సిర పక్కనే మెదడుకు పోయే ధమని ఉంటుంది. వయసు పైబడినవాళ్లు, షుగరు, పొగతాగే అలవాటు ఉన్నవాళ్లు దాన్ని గట్టిగా నొక్కుకుంటే ప్రమాదం.

మీలాంటి వయసువారిలో ఎక్కువసార్లు చప్పుడు సిరదే అవుతుంది. మెదడు నుంచి వాడిన రక్తాన్ని కిందికి తెచ్చే పెద్ద కాలువలు తల వెనక రెండు పక్కలా అడ్డంగా వచ్చి, సరిగ్గా చెవి వెనకున్న ఎముకను ఆనుకొని కిందికి మలుపు తిరుగుతాయి. చాలామందిలో కుడివైపు కాలువే పెద్దది, ఎక్కువ రక్తం అటే పారుతుంది. అందుకే ఈ చప్పుడు కుడి చెవిలో వినడం మామూలు. మెదడు చుట్టూ ఉండే నీటి ఒత్తిడి పెరిగితే ఆ కాలువ గోడ లోపలికి నొక్కుకుపోయి ఒకచోట ఇరుకవుతుంది. పెన్నా కాలవలో నీళ్లు నిండుగా పారేటప్పుడు సడి ఉండదు గానీ తూము దగ్గర ఇరుకులోంచి దూకేటప్పుడు హోరెత్తుతాయి చూడండి, అదే ఇక్కడా జరుగుతుంది. ఆ హోరు లోపలి చెవికి వేలెడు దూరంలోనే పుడుతుంది కాబట్టి అది మీకు వినిపిస్తుంది. పక్కవాళ్లకు వినపడదు. ఇంకో చిక్కేంటంటే, కాలువ ఇరుకైతే వెనక రక్తం ఒత్తిడి పెరుగుతుంది, అప్పుడు మెదడు నీరు రక్తంలోకి ఇంకడం ఇంకా తగ్గుతుంది, నీటి ఒత్తిడి మరికాస్త పెరుగుతుంది. ఒకదాన్ని ఒకటి ఎగదోసుకుంటాయి.

మెదడులో గడ్డ లేకుండా, రక్తం గడ్డ కట్టకుండా, ఫలానా కారణమని తేలకుండా ఇలా నీటి ఒత్తిడి పెరిగే జబ్బును ఇడియోపతిక్ ఇంట్రాక్రేనియల్ హైపర్‌టెన్షన్ అంటారు. పేరు పెద్దదిగా ఉందని కంగారు పడొద్దు. పిల్లల్ని కనే వయసులో, ఈమధ్యే బరువు పెరిగిన ఆడవాళ్లలోనే ఇది ఎక్కువ. దీనివల్ల ప్రాణం మీదకు రావడం అరుదు గానీ, చూపు పోవచ్చు. కంటి నరం చుట్టూ ఉండే తొడుగులోకి కూడా మెదడు నీరే వస్తుంది. అక్కడ ఒత్తిడి పెరిగితే నరం కంటిలోకి వచ్చే చోట వాస్తుంది. ఫండస్ పరీక్షలో డాక్టరు వెతికేది ఆ వాపునే.

ఇక్కడే చాలామంది మోసపోతారు. నరం వాచిన కొత్తలో చూపు నిక్షేపంగా ఉంటుంది. కళ్లద్దాల షాపులో చార్టు చదివిస్తే చివరి గీత దాకా, అంటే 6/6 చదివేస్తారు. చూపు ముందు తగ్గేది పక్కల నుంచి. పక్కనుంచి వచ్చే మనిషి కనపడకపోవడం, గడప తగిలి తూలడం లాంటివి ఎవరూ చూపు జబ్బని అనుకోరు. అందుకని అద్దాల షాపులో కళ్లు బాగున్నాయన్నారు అంటే అది మనకు పనికొచ్చే మాట కాదు. చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక నరం చూడాలి, పక్కల చూపు ఎంత మేర ఉందో కొలిచే ఫీల్డ్ టెస్ట్ కూడా చేయాలి. ఈ పరీక్షలకు హైదరాబాదో చెన్నైయో పరుగెత్తక్కర్లేదు, నెల్లూరు, ఒంగోలు పెద్దాసుపత్రుల కంటి విభాగాల్లోనూ చూస్తారు. చుక్కలు వేశాక కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది, మీరే స్కూటీ నడుపుకుంటూ వెళ్లకండి.

ఊరూ వివరాలూ కాస్త మార్చి ఒకావిడ సంగతి చెప్తాను. ఇందుకూరుపేట వైపు నుంచి వచ్చింది, 32 ఏళ్లు. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు, కాన్పు తర్వాత ఏడాదిన్నరలో పెరిగిందే చాలా వరకు. కుడి చెవిలో హుష్ హుష్‌మని చప్పుడు. తలనొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర మాత్రలు తెచ్చుకొని వేసుకుంటోంది. చూపు ఎలా ఉందమ్మా అంటే బాగుంది అంది. అలా అడిగితే అందరూ అదే చెప్తారు. వంగి లేచినప్పుడు ఏమైనా మసక కమ్ముతుందా అని అడిగితే అప్పుడు చెప్పింది: "ముగ్గేసి లేస్తే రెండు కళ్లకీ తెర పడినట్టయితది సార్, నాలుగు క్షణాలకే బాగైపోద్ది, నీరసం అనుకున్నా." ఆ తెర పడటమే అసలు గుర్తు. వాచిన నరానికి రక్తం ఒక్క క్షణం అందకపోతే అలా అవుతుంది.

చెవి పొర శుభ్రంగా ఉంది. వినికిడి పరీక్షలో కుడివైపు బొంగురు శబ్దాల దగ్గర గీత కాస్త కిందికి దిగింది. మెడ సిర మీద వేలు ఆనించి అదే పరీక్ష మళ్లీ చేయిస్తే గీత మామూలు చోటికి వచ్చేసింది. అంటే చెవి నరంలో లోపమేమీ లేదు, లోపలి హోరు బయటి శబ్దాన్ని కప్పేస్తోంది, అంతే. బీపీ చూశాం, అది ముఖ్యం, ఎందుకంటే బీపీ విపరీతంగా పెరిగినా కంటి నరం ఇలాగే వాస్తుంది. ఆమెది మామూలుగానే ఉంది. హిమోగ్లోబిన్ 9.4. ఈ అంకె గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను. ఫండస్‌లో రెండు కళ్లలోనూ నరం అంచులు చెరిగిపోయి ఉన్నాయి.

నరం వాపు కనిపించాక ఇక ఆలస్యం చేయకూడదు. అదే రోజు న్యూరాలజీకి పంపాం. ముందు ఎమ్మారై, దాంతో పాటు మెదడు సిరల్ని చూపించే ఎమ్మార్ వెనోగ్రామ్. ఈ రెండో మాట చీటీ మీద ఉందో లేదో మీరే చూసుకోండి. ఉత్త ఎమ్మారై మాత్రం తీసి బ్రెయిన్ నార్మల్ అని రిపోర్టు ఇస్తే గడ్డలు లేవని అర్థం, సిరల సంగతి తేలినట్టు కాదు. చీటీలో నాడితో కొట్టుకునే చెవి చప్పుడు, కుడివైపు, ఒత్తిడి అనుమానం అని రాసి ఉంటే రేడియాలజిస్టు వెతికే తీరే వేరుగా ఉంటుంది. ఆమె స్కాన్‌లో గడ్డ లేదు, సిరలో రక్తం గడ్డకట్టలేదు. రెండువైపులా అడ్డ కాలువలు ఇరుకయ్యాయి, కంటిగుడ్డు వెనక భాగం కాస్త చదునైంది, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దాని గుంట అడుగుకు నొక్కుకుపోయింది. ఇవన్నీ చాన్నాళ్లుగా ఒత్తిడి ఉందనడానికి గుర్తులు.

తర్వాత వెన్నులో నీరు తీసి ఒత్తిడి కొలిచారు. మన వైపు దీనికి భయపడి పారిపోయేవాళ్లే ఎక్కువ, కాళ్లు పడిపోతాయని. సూది పెట్టేది నడుం దగ్గర, వెన్నుపాము అంతకంటే పైనే ముగిసిపోతుంది. అక్కడ ఉండేవి నీళ్లలో తేలే నరాలే. రెండు రోజులు లేచి కూర్చుంటే తలనొప్పి రావచ్చు, అది నిజమే. పక్కకు తిరిగి పడుకోబెట్టి కొలిస్తే పెద్దవాళ్లలో 25 సెంటీమీటర్ల నీటి మట్టం దాకా సరేననుకుంటాం, ఆమెది 34 వచ్చింది. నీటిలో ఇన్‌ఫెక్షన్ లేదు. ఆ నీరు కొంచెం తీసేసిన పూట చెవిలో చప్పుడు దాదాపుగా ఆగిపోయింది, మర్నాటికి మళ్లీ వచ్చింది. మాకు అది బాధ కాదు, రుజువు.

మందు అసిటజోలమైడ్. మెదడులో నీరు ఊరడం తగ్గిస్తుంది. 250 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. 2014లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో, ఉప్పూ బరువూ తగ్గించే ఆహారంతో పాటు ఈ మందు ఇచ్చినవాళ్లకు చూపు మేర ఎక్కువగా మెరుగుపడింది. వేళ్లకు తిమ్మిర్లు, నోట్లో సోడా తాగినా లోహం రుచి, మాటిమాటికీ మూత్రం వస్తాయి. భయపడి మందు మానేస్తారు, మానొద్దు. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు, సల్ఫా మందులు పడనివాళ్లు మాత్రం ముందే చెప్పాలి. పొటాషియం, కిడ్నీ పరీక్షలు మధ్యమధ్యలో చేయాలి.

మందు పనిచేసేది వేసుకున్నంత కాలమే. జబ్బును వెనక్కి తిప్పేది బరువు. ఆమె ఎనిమిది కిలోలు తగ్గడానికి ఏడు నెలలు పట్టింది. రాత్రి అన్నం సగానికి తగ్గించింది, ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు పక్కన పెట్టింది. మన నెల్లూరోళ్లకు ఎండుచేపలు మానమనడం ఎంత కష్టమో నాకు తెలుసు, కానీ ఆ ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. ఐరన్ కూడా ఇచ్చాం. 9.4 గుర్తుందా? రక్తం పలచనైతే అది వేగంగా, సుడులు తిరుగుతూ పారుతుంది, ఆ ఒక్కదానికే చెవిలో చప్పుడు రావచ్చు, బాగా తగ్గితే కంటి నరమూ వాయవచ్చు. మన జిల్లాల్లో బాలింతలకు రక్తం తక్కువ ఉండటం రోజూ చూసేదే కాబట్టి హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూడకుండా నేను స్కాన్ చీటీ రాయను. ఏడు నెలల తర్వాత నరం వాపు తీసేసింది, చూపు మేర నిలిచింది. చెవిలో చప్పుడు పూర్తిగా పోలేదు, రాత్రి అంతా సద్దుమణిగాక కొంచెం వినపడుతుందంటుంది. ఇరుకు కొందరిలో అలా మిగిలిపోతుంది.

మిగిలితే స్టెంట్ వేస్తారట కదా అని అడుగుతుంటారు. వేస్తారు, బాగా పనిచేసిన సందర్భాలూ ఉన్నాయి. కానీ వెనోగ్రామ్ బొమ్మలో ఇరుకు కనపడింది కదా అని వేసేది కాదు. ఏ బాధా లేనివాళ్లలో కూడా ఎడమ కాలువ పుట్టుకతోనే సన్నగా ఉండొచ్చు. కాథెటర్ పంపి ఇరుకుకు ఇటూ అటూ ఒత్తిడి కొలిచి, తేడా గట్టిగా ఉంటేనే ఆలోచిస్తారు. ఎనిమిది మిల్లీమీటర్ల పాదరసం లేదా అంతకుమించి తేడా ఉండాలని చాలామంది చూస్తారు. తర్వాత నెలల తరబడి రక్తం పలచబరిచే మాత్రలు వేసుకోవాలి. చూపు పోతుంటే, మందు పడకపోతే సరే. చప్పుడొక్కటే ఉంటే రెండో అభిప్రాయం తీసుకోకుండా ఒప్పుకోవద్దు.

మీరు వాడిన మందులన్నీ కూడా కంటి డాక్టరుకు చెప్పండి. మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్, డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్, ఎక్కువ మోతాదు విటమిన్ ఎ, ఇవన్నీ ఈ ఒత్తిడిని పెంచగలవు. పేరు లేని పొట్లాల్లో వచ్చే మాత్రల్లో స్టెరాయిడ్ ఉంటే, అది ఠక్కున ఆపినా పెరుగుతుంది. బీ కాంప్లెక్స్ వల్ల హాని లేదు, ఈ చప్పుడుకు దానివల్ల ఉపయోగమూ లేదు.

అందరికీ ఇదే కారణం కాదు. మెడ సిర అణిగినా చప్పుడు తగ్గకుండా, చెవి వెనక స్టెతస్కోపు పెడితే డాక్టరుకు కూడా హుష్‌మని వినపడితే మెదడు పొరలో ధమని నేరుగా సిరలోకి తెరుచుకొని ఉండొచ్చు. దాన్ని డ్యూరల్ ఫిస్టులా అంటారు. అది రక్తస్రావం చేయగలదు, మామూలు ఎమ్మారైలో తప్పించుకోగలదు, గజ్జలోంచో మణికట్టులోంచో ట్యూబు పంపి తీసే యాంజియోగ్రామ్‌లోనే తేలుతుంది. నెల్లూరు వాళ్లు దానికి ఎక్కువగా చెన్నై, తిరుపతి వెళ్తారు. చెవి పొర వెనక ఎర్రటి గడ్డ నాడితో పాటు కొట్టుకుంటుంటే గ్లోమస్ అనే రక్తనాళాల గడ్డ అయి ఉండొచ్చు. దాన్ని క్లినిక్‌లో ముక్క తీసి పరీక్షకు పంపుతామంటే ఒప్పుకోకండి, రక్తం ఆగదు. అరవై దాటినవాళ్లలో మెడ ధమనికి డాప్లర్ ముందు చేస్తాం.

ఎదురుచూడకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. సెలూన్‌లో మెడ పటుక్కుమనిపించాకో, మెడకు దెబ్బ తగిలాకో, ఒకపక్క మెడనొప్పితో చప్పుడు మొదలై అదేవైపు కనురెప్ప వాలితే ధమని గోడ చీలి ఉండొచ్చు. అదే రోజు ఆసుపత్రిలో ఉండాలి. కాన్పయిన కొత్తలో, లేదా గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో విపరీతమైన తలనొప్పి, వాంతులు, ఫిట్స్, కాలో చెయ్యో పడిపోవడం ఉంటే మెదడు సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. పథ్యమని బాలింతకు నీళ్లు తగ్గించే ఇళ్లలో ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మీ కాన్పయి ఎన్నాళ్లయిందో రాయలేదు. ఆరు వారాల లోపైతే కంటి పరీక్ష కోసం ఆగకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. ముందే చెప్పిన తెర పడటం మీకు జరుగుతున్నా, ఒకటి రెండుగా కనపడుతున్నా, ఈ వారం అన్న మాట మర్చిపోయి ఇవాళే వెళ్లండి.

ఇంతలో నిద్ర పట్టడానికి తలవైపు రెండు దిండ్లు వేసి ఎత్తుగా పడుకోండి, ఫ్యాను చప్పుడు ఉండనివ్వండి. ఎడమ చెవి మీదో కుడి చెవి మీదో పడుకొని చూస్తే ఒకవైపు తగ్గుతుంది, అటే పడుకోండి.

ఫండస్‌లో నరం వాపు లేదని తేలితే తొందర తగ్గుతుంది గానీ వెతకడం ఆగదు. అప్పుడు హిమోగ్లోబిన్, థైరాయిడ్, వెనోగ్రామ్, దాంతో పాటు చెవి ఎముకకు సీటీ చేయించాలి. చెవి వెనక కాలువకూ చెవి ఎముకకూ మధ్య గోడ కొందరిలో పలచబడి ఊడిపోతుంది, అది సీటీలోనే కనపడుతుంది. ఆ రిపోర్టులు వచ్చాక, నరం గురించి కంటి డాక్టరు రాసిన వాక్యం యథాతథంగా ఇక్కడ పెట్టండి, తర్వాత ఏం చేయాలో చూద్దాం.